సీరమ్ బాటిల్, నీటి చుక్కలు, వెనక ఆకులు: ఈ ఫొటో పక్కన ఏం రాయాలి?

ఆన్‌లైన్ బ్యూటీ స్టోర్లలో సీరమ్ ఫొటోలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ముదురు గాజు డ్రాపర్ బాటిల్, దాని మీద నీటి చుక్కలు, వెనక మసగ్గా పచ్చటి ఆకులు. ఫొటో అందంగానే ఉంటుంది. దాని పక్కన నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. కనిపిస్తున్నది రాయాలా, చూడగానే కలిగే అనుభూతి రాయాలా, బాటిల్ లోపల ఉన్నదాని గురించి రాయాలా? చాలామంది మూడింటినీ ఒకే పేరాలో కుక్కేస్తారు. అప్పుడు చదివేవాళ్లకు సరుకేమిటో అర్థం కాదు, పైగా ఆకులు చూపించి మూలికలు అమ్మినట్టు తయారవుతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని మాట్లాడుకుంటే తేలిక. ఒక చిన్న బ్రాండ్ వాళ్ల నియాసినమైడ్ 5 శాతం ఫేస్ సీరమ్, 30 మి.లీ. అనుకుందాం. ముదురు గోధుమ రంగు గాజు బాటిల్, నల్ల రబ్బరు బల్బు ఉన్న డ్రాపర్, తెల్ల లేబుల్. ఫొటోలో బాటిల్ తడి నల్లరాయి మీద నిలబడి ఉంది. బాటిల్ భుజం మీద, లేబుల్ అంచున నీటి చుక్కలు ఉన్నాయి. వెనక మాన్‌స్టెరా ఆకులు, రెండు ఫెర్న్ రెమ్మలు. లేబుల్ మీద పదార్థాల జాబితా ఈ వరుసలో ఉంది: నీరు, నియాసినమైడ్, గ్లిజరిన్, ప్రొపేన్‌డయాల్, ఫినాక్సీఇథనాల్, సరస్వతి ఆకు సారం, శాంథన్ గమ్. ఈ జాబితాను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

మూడు దారులు

మొదటిది చూసింది చూసినట్టు రాయడం:

"నియాసినమైడ్ 5 శాతం ఫేస్ సీరమ్, 30 మి.లీ. ముదురు గోధుమ రంగు గాజు డ్రాపర్ బాటిల్, నల్ల రబ్బరు బల్బు. బాటిల్ మీద నీటి చుక్కలు, వెనక పచ్చటి ఆకులు."

రెండోది అనుభూతి రాయడం:

"మంచులో తడిసిన ఆకుల నడుమ, మీ చర్మం కోసం ప్రకృతి దాచిన తేమ చుక్క."

మూడోది సరుకును వర్ణించడం, అంటే ఫొటోలో ఉన్నవాటిలో సరుకుకు సంబంధించినవి మాత్రమే పట్టుకోవడం:

"5 శాతం నియాసినమైడ్ ఉన్న నీటి ఆధారిత సీరమ్. పలచగా ఉంటుంది, నూనె కలపలేదు. గాజు డ్రాపర్‌తో 30 మి.లీ. బాటిల్."

మీకు ఏది నచ్చిందని ఎవరినైనా అడిగితే రెండోదే బాగుందంటారు. చదవడానికి నిజంగానే బాగుంది. కానీ అందులో ఎంత మి.లీ. ఉందో, ఏ పదార్థం ఉందో, అసలు అది సీరమో టోనరో కూడా తెలియదు. పక్క బ్రాండ్ బాటిల్ కింద పెట్టినా చక్కగా అతుక్కుంటుంది. అన్నిటికీ సరిపోయే వాక్యం ఏ ఒక్క సరుకునూ వర్ణించదు కదా.

ఈ మూడింటిలో గెలిచేది ఏది అని కాదు, ఏది ఎక్కడ కూర్చోవాలి అన్నదే ప్రశ్న. మొదటిది ఫొటో కనిపించనివాళ్ల కోసం, అంటే ఫొటోకు బదులుగా వెనక రాసి ఉంచే ఆల్ట్ టెక్స్ట్‌లోకి వెళ్లాలి. మూడోది ప్రొడక్ట్ పేజీలో పైన, ధర పక్కన ఉండాలి. రెండోదానికి బ్యానర్ మీదో ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్‌లోనో చోటుంది, అదీ చట్టం దగ్గర ఇరుక్కోకుండా తిరిగి రాస్తేనే. ప్రొడక్ట్ పేజీలో దానికి ఒక్క వాక్యం కన్నా ఎక్కువ ఇవ్వడం దండగని నా అభిప్రాయం.

ఆల్ట్ టెక్స్ట్: కళ్లతో చూడనివాళ్లు కూడా కొనుక్కుంటారు

చూపు లేనివాళ్లు, చూపు తక్కువగా ఉన్నవాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు వాడతారు. ఫొటో దగ్గరకు రాగానే స్క్రీన్ రీడర్ దాని ఆల్ట్ టెక్స్ట్‌ను పైకి చదువుతుంది. నెట్ నెమ్మదిగా ఉండి ఫొటో లోడ్ కాకపోయినా ఆ చోట కనిపించేది ఇదే. కాబట్టి ఇక్కడ "ప్రకృతి దాచిన తేమ చుక్క" అని వినిపిస్తే వినేవాళ్లకు చేతికి ఏమీ తగలదు.

ఆల్ట్ టెక్స్ట్‌ను "ఈ చిత్రంలో" అని మొదలుపెట్టకండి. అది బొమ్మ అని స్క్రీన్ రీడర్ ముందే చెప్తుంది. సరుకు పేరు, పరిమాణం ముందు రావాలి, ఆకులు చివర. సగంలోనే ముందుకు జరిగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు ఆకుల సంగతి దక్కకపోయినా నష్టం లేదు, బాటిల్ సంగతి దక్కాలి. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న మాటలు కూడా ఇందులో ఉండాలి, ఎందుకంటే ఫొటోలోని అక్షరాలు స్క్రీన్ రీడర్‌కు బొమ్మలో భాగమే తప్ప చదవదగిన మాటలు కావు.

నిడివికి గట్టి నియమం లేదు. ఇంగ్లిష్‌లో 125 అక్షరాల లోపు అని ఒక వాడుక ఉంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడకండి. రెండు చిన్న వాక్యాలు, గట్టిగా చదివితే పది సెకన్లు దాటకుండా ఉంటే చాలు.

పేజీ మొత్తం ఇంగ్లిష్‌లో ఉండి ఆల్ట్ మాత్రం తెలుగులో ఉంటే ఇంకో ఇబ్బంది ఉంది. భాష ఏదో చెప్పకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తికమక పడతాయి, లేదా మొత్తం వదిలేస్తాయి. భాష గుర్తు పెడితే ఆ బాధ తప్పుతుంది:

```html
<img src="serum-30ml.jpg" lang="te"
 alt="నియాసినమైడ్ 5 శాతం ఫేస్ సీరమ్, 30 మి.లీ. గోధుమ రంగు గాజు డ్రాపర్ బాటిల్, మీద నీటి చుక్కలు, వెనక ఆకులు.">
```

ఇదే ఫొటోను పేజీలో కింద ఎక్కడో అలంకరణగా మళ్లీ వాడితే అక్కడ `alt=""` అని ఖాళీగా వదిలేయండి. ఒకే మాట రెండుసార్లు వినిపించడం విసుగు. ఆల్ట్‌ను పూర్తిగా తీసేస్తే మాత్రం కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరు చదవడం మొదలుపెడతాయి. ఖాళీగా ఉంచడం, లేకుండా చేయడం ఒకటి కావు.

నీటి చుక్కలు ఏం చెప్తున్నాయి

ఫొటోలో చుక్కలు రెండు రకాలు. బాటిల్ బయట చల్లినవి ఒకటి, డ్రాపర్ కొన నుంచి వేలాడేది రెండోది. కొనేవాళ్ల దృష్టిలో రెండూ వేరు వేరు కబుర్లు చెప్తాయి. రాసేవాళ్లు మాత్రం రెండింటినీ కలిపి "తేమ" అనేస్తారు.

బయటి చుక్కలు స్టూడియో పని. ఉత్తి నీళ్లు చల్లితే లైట్ల వేడికి ఆరిపోతాయి, లేదా కారిపోతాయి. అందుకే నీళ్లలో గ్లిజరిన్ కలిపి, తరచుగా చెరి సగం, స్ప్రే బాటిల్‌తో చల్లుతారు. అప్పుడు చుక్కలు గుండ్రంగా, కదలకుండా నిలుస్తాయి. వీటికి లోపలి సీరమ్‌తో ఏ సంబంధమూ లేదు. కాబట్టి వీటి ఆధారంగా "24 గంటల తేమ" అని రాస్తే దానికి వేరే రుజువు మీ దగ్గర ఉండాలి. ఫొటో రుజువు కాదు.

ఈ చుక్కలు ఒక్కోసారి ఎదురు తిరుగుతాయి కూడా. డ్రాపర్ మెడ దగ్గర, మూత కింద చుక్కలు గుమిగూడి ఉంటే కొంతమందికి అది కారుతున్న బాటిల్‌లా కనిపిస్తుంది. ప్రశ్నల్లో "లీక్ అవుతుందా?" అని పదే పదే వస్తోందంటే ఒకసారి ఫొటోలో మెడ భాగం చూడండి. వర్ణనతో దీన్ని సరిదిద్దడం కష్టం. మెడ దగ్గర తుడిచి మళ్లీ ఫొటో తీయడమే మందు. ఆ లోపు ఆల్ట్‌లో "బాటిల్ మీద నీరు చల్లి తీసిన ఫొటో" అని ఒక మాట, పేజీలో "మూత గట్టిగా బిగించి, సీల్ వేసి పంపుతాం" అని ఒక మాట చేర్చవచ్చు. సీల్ నిజంగా ఉంటేనే సుమా.

నూనె ఆధారిత ఫేస్ సీరమ్ అయితే నీటి చుక్కల ఫొటో అసలు సరిపోదు. స్క్వాలేన్, గులాబీ గింజల నూనె లాంటివి అమ్ముతూ నీళ్లు చల్లిన బాటిల్ చూపిస్తే, లోపల ఉన్నది పలచగా నీళ్లలా ఉంటుందనుకుని కొంటారు. చేతిలో వేసుకోగానే జిడ్డుగా ఉందని తిప్పి పంపుతారు. అలాంటి చోట ఫొటో మార్చలేకపోతే మొదటి వాక్యంలోనే "ఇది నూనె సీరమ్, నీళ్లు లేవు" అని చెప్పేయాలి.

డ్రాపర్ కొనన వేలాడే చుక్క మాత్రం వర్ణనకు నిజంగా పనికొచ్చేది. అది సీరమ్ కాబట్టి దాని రంగు, చిక్కదనం, పారదర్శకత రాయవచ్చు. పలచటి ద్రవం అయితే చుక్క చిన్నగా తెగి పడుతుంది, జెల్ అయితే సాగి వేలాడుతుంది. ఫొటోను నమ్మకుండా బాటిల్ తెప్పించుకుని చేతి మీద వేసుకుని చూసి రాయండి. మన ఉదాహరణలో శాంథన్ గమ్ ఉంది కాబట్టి నీళ్ల కన్నా కాస్త చిక్కగా ఉంటుందని ముందే ఊహించవచ్చు, కానీ ఎంత చిక్కగా అన్నది చేతికే తెలుస్తుంది.

ఇంకో మాట. కొన్ని ఫొటోల్లో డ్రాపర్‌ను బయటికి తీసి తడి ఆకు మీద పడుకోబెడతారు. వాడే విధానంలో మాత్రం "డ్రాపర్ కొనను చర్మానికి, మరే ఉపరితలానికీ తగలనివ్వకండి" అని రాస్తారు. రెండూ పక్కపక్కనే కనిపిస్తే నవ్వొస్తుంది.

ఆకుల దగ్గరే అసలు జాగ్రత్త

ఈ ఫొటోలో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది వెనకున్న ఆకులు. మనకు ఆకు కనిపిస్తే మనసు తిన్నగా మూలికల దగ్గరకు పోతుంది. కలబంద, వేప, తులసి, సరస్వతి ఆకు అన్నీ ఇంట్లో ముఖానికో జుట్టుకో వాడినవే కాబట్టి పచ్చదనం చూడగానే "ఇది కెమికల్ కాదు" అనుకునేవాళ్లు ఎక్కువ. మన ఉదాహరణలోని మాన్‌స్టెరా మాత్రం బాల్కనీ కుండీ మొక్క. దాని రసంలో సన్నటి కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి, చర్మానికి తగిలితే దురద పెట్టవచ్చు. చర్మ సంరక్షణ సరుకు వెనక ఆ ఆకునే ఎందుకు నిలబెడతారంటే, ఆకారం బాగుంటుందని, అంతే.

ఇక్కడ మీ ముందు మూడు ఎంపికలున్నాయి: ఆకుల గురించి ఏమీ అనకపోవడం, అలంకరణ అని చెప్పడం, ఆకుల్ని సరుకుతో ముడిపెట్టడం.

ముడిపెట్టే ముందు పదార్థాల జాబితా చదవాలి. మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం 1 శాతం కన్నా ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనేది సరుకు చెడిపోకుండా వేసే పదార్థం, దాన్ని 1 శాతం మించి వాడకూడదు. కాబట్టి జాబితాలో దాని తర్వాత వచ్చినవన్నీ 1 శాతం లేదా అంతకన్నా తక్కువే. మన సీరమ్‌లో సరస్వతి ఆకు సారం దాని తర్వాతే ఉంది. అంటే ఉంది, కానీ ఎక్కువలో ఎక్కువ 1 శాతం. అంత మాత్రానికి "సరస్వతి ఆకు సీరమ్" అని శీర్షిక పెడితే ఫొటోలోని ఆకులు ఆ మాటకు తోడై, సీరమ్ అంతా ఆకు రసమేనన్న భ్రమ కలుగుతుంది. "నియాసినమైడ్ 5 శాతం, సరస్వతి ఆకు సారం కొద్దిగా" అనడం నిజం. ఆకు సారం తక్కువ మోతాదులో పని చేయదని నేననడం లేదు. ఫొటో పెంచి చూపిస్తున్నదాన్ని మాటలు మళ్లీ పెంచకూడదంటున్నాను.

చట్టం కూడా దాదాపు ఇదే గీత గీస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024లో పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారం మీద మార్గదర్శకాలు తెచ్చింది. మోసపుచ్చనంత వరకు మామూలు రంగులు, బొమ్మలు వాడటాన్ని అవి తప్పుపట్టవు. కానీ పర్యావరణానికి మేలు అన్న అర్థంలో "నేచురల్", "ఆర్గానిక్", "ప్యూర్", "క్లీన్", "గ్రీన్" లాంటి మాటలు వాడితే వివరణ, రుజువు ఉండాలంటాయి. అంటే వెనక పచ్చటి ఆకులు పెట్టడం ఒకటి, ఆ ఆకుల పక్కన "స్వచ్ఛమైన ప్రకృతి" అని రాయడం ఇంకొకటి. ఆకు దానంతటది అలంకరణే. పక్కన మాట చేరగానే అది హామీ అవుతుంది. పైన చెప్పిన రెండో రకం వర్ణన, "ప్రకృతి దాచిన తేమ చుక్క", సరిగ్గా ఈ గీత మీదే తచ్చాడుతోంది.

"ఆయుర్వేద" అన్న మాట ఇంకా బరువైనది. ఆయుర్వేద తయారీకి లైసెన్సు దారే వేరు. మామూలు కాస్మెటిక్ లైసెన్సుతో తయారైన సీరమ్ పేజీలో, ఆకుల ఫొటో ఉంది కదా అని ఆ మాట చేర్చవద్దు. "మొటిమలు నయం చేస్తుంది", "మంగు పోగొడుతుంది" కూడా అంతే. చట్టం దృష్టిలో కాస్మెటిక్ అంటే శుభ్రపరచడానికి, అందంగా కనిపించడానికి, రూపాన్ని మార్చడానికి వాడేది. నయం చేసేది మందు అవుతుంది. "మచ్చలు పలచబడినట్టు కనిపించేలా" అనవచ్చు, అదీ పరీక్షించి చూసిన ఆధారం ఉంటే.

కొందరు పైన పెద్దగా "ఆకుల సారంతో నిండిన" అని రాసి, కింద నక్షత్రం గుర్తు పెట్టి ఇంగ్లిష్‌లో సన్నగా "చిత్రం ఊహాజనితం" అని రాస్తారు. 2022 నాటి తప్పుడు ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం కింద రాసే వివరణ పైన చెప్పిన అసలు మాటకు విరుద్ధంగా ఉండకూడదు, ఆ మాట ఏ భాషలో ఉంటే వివరణ కూడా అదే భాషలో ఉండాలి. పైన తెలుగు, కింద ఇంగ్లిష్ అన్న పద్ధతి కుదరదు.

ఇక ఎంపిక. ఆకు సారం అసలు లేని సరుకైతే పేజీ మాటల్లో ఆకుల ఊసెత్తకండి, ఆల్ట్‌లో మాత్రం "వెనక ఆకులు" అని ఉండనివ్వండి, ఎందుకంటే అది ఫొటో గురించి నిజం. మన ఉదాహరణలా కొద్దిగా ఉంటే పదార్థం పేరు చెప్పి, "ఫొటోలోని ఆకులు అలంకరణ కోసం" అని అదే భాషలో, అదే సైజు అక్షరాల్లో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం వల్ల అమ్మకాలు తగ్గుతాయని భయపడేవాళ్లున్నారు. "ఇది హెర్బలేనా?" అని అడిగి, కొని, కాదని తెలిసి వెనక్కి పంపేవాళ్ల ఖర్చుతో పోలిస్తే నాకది పెద్ద నష్టంగా కనిపించదు. సారమే ప్రధానంగా ఉన్న సరుకైతే, ఉదాహరణకు జాబితాలో నీటి కన్నా ముందే కలబంద రసం ఉంటే, అప్పుడు ముడిపెట్టండి. కానీ వెనక ఆకులు కూడా కలబందవే అయి ఉండాలి. కలబంద పేరు చెప్పి ఫెర్న్ చూపిస్తే కలబంద ఎలా ఉంటుందో తెలిసిన ప్రతి ఇల్లాలూ పట్టేస్తుంది.

బాటిల్: కనిపించేవాటిలో ఏది గొప్ప, ఏది కాదు

ముదురు గాజు గురించి రాయాలా వద్దా అన్నది లోపలి పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ రూపంలో విటమిన్ సి ఉన్న సీరమ్‌కి గాలి, వెలుతురు శత్రువులు. అది ఆక్సీకరణ చెంది పసుపు, ఆ తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. అక్కడ "వెలుతురును అడ్డుకునే ముదురు గాజు" అనేది నిజమైన సమాచారం. అదే బాటిల్ వల్ల ఒక చిక్కూ ఉంది: రంగు మారిన సంగతి బయటికి కనిపించదు. కాబట్టి ఆ పేజీలో "కొత్తగా తెరిచినప్పుడు డ్రాపర్‌లో రంగు లేకుండా లేదా లేత పసుపుగా కనిపిస్తుంది, గోధుమ రంగుకు మారితే వాడటం ఆపండి" అని రాస్తే కొన్నవాళ్లకు పనికొస్తుంది.

నియాసినమైడ్ అంత సున్నితమైనది కాదు. మామూలు వాడకంలో వెలుతురుకు బాగానే నిలబడుతుంది. మన ఉదాహరణలో ముదురు గాజును రంగుగా చెప్పి వదిలేస్తే చాలు, రక్షణ కవచంలా పొగడనక్కర్లేదు.

పరిమాణం మాత్రం తప్పనిసరి. ఇలాంటి ఫొటోల్లో కొలత తెలిసే వస్తువు ఏదీ ఉండదు. ఆకుల్ని దగ్గరగా పెట్టి తీస్తే చిన్న బాటిల్ కూడా పెద్ద సీసాలా కనిపిస్తుంది. 30 మి.లీ. డ్రాపర్ బాటిల్ మూతతో కలిపి సుమారు 10 సెంటీమీటర్లు ఉంటుంది. మీ బాటిల్‌ను స్కేలుతో కొలిచి ఎత్తు రాయండి. "ఇంత చిన్నదా!" అని తిట్టే రివ్యూలు తగ్గించడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. నీళ్లలాంటి ద్రవం 1 మి.లీ. అంటే రమారమి 20 చుక్కలు. రోజుకు ఒకసారి 4 చుక్కలు వాడితే 30 మి.లీ. దాదాపు 5 నెలలు రావాలి. సీరమ్ చిక్కదనం, డ్రాపర్ కొన వెడల్పు బట్టి ఈ లెక్క మారుతుంది కాబట్టి, మీ డ్రాపర్‌తోనే 1 మి.లీ.కి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి అప్పుడు రాయండి.

అమ్మకం పేజీలో వర్ణనతో సంబంధం లేకుండా ఉండాల్సినవి ఉన్నాయి: తయారీదారు పేరు, చిరునామా, సరుకు సాధారణ పేరు, నికర పరిమాణం, ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైందో. ఇవి లీగల్ మెట్రాలజీ నియమాల కింద వచ్చేవి. వీటిని కవిత్వం మధ్యలో దాచకండి, విడిగా పెట్టండి.

ఎక్కడ అమ్ముతున్నారన్నదీ చూడాలి

సొంత వెబ్‌సైట్ అయితే ఆకుల ఫొటోను మొదటి ఫొటోగా పెట్టుకోవచ్చు. అమెజాన్‌లో కుదరదు. అక్కడ మొదటి ఫొటో పూర్తి తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఉండాలి, సరుకు ఫ్రేములో 85 శాతం ఆక్రమించాలి. కాబట్టి చుక్కలు, ఆకులు ఉన్న ఫొటో రెండోదో మూడోదో అవుతుంది. అక్కడ మొదటి ఫొటోకి రాసిన వర్ణననే దీనికీ అతికించకండి. బాటిల్ ఆకారం, లేబుల్ మాటలు మొదటిదానిలో వచ్చేశాయి కాబట్టి దీనిలో తేడా మాత్రమే చెప్పండి: "అదే బాటిల్ తడి నల్లరాయి మీద, వెనక మాన్‌స్టెరా, ఫెర్న్ ఆకులు."

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా అని కూడా అడుగుతుంటారు. వెతికేటప్పుడు చాలామంది పదార్థం పేరును ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు, లేబుల్ మీదా అలాగే ఉంటుంది. అందుకని శీర్షికలో `Niacinamide` అని లేబుల్ మీద ఉన్నట్టే ఒకసారి ఉంచి, మిగతాదంతా మాట్లాడుకునే తెలుగులో రాయడం నాకు నచ్చిన పద్ధతి. "త్వచ సంరక్షణ ద్రావకం" లాంటివి ఎవరూ వెతకరు, ఎవరూ అనరు. సీరమ్ సీరమే, డ్రాపర్ డ్రాపరే. యంత్రం చేసిన తెలుగు అనువాదాన్ని అలాగే వదిలేసే స్టోర్లూ ఉన్నాయి. అక్కడ ఎవరైనా ఒకసారి పైకి చదివితే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

మన సీరమ్‌కు చివరికి తేలిన పేజీ

శీర్షిక: "నియాసినమైడ్ 5 శాతం ఫేస్ సీరమ్, 30 మి.లీ." పక్కన లేబుల్ మీది ఇంగ్లిష్ పేరు.

పై వర్ణన: "నీటి ఆధారిత సీరమ్. నీళ్ల కన్నా కాస్త చిక్కగా, రంగు లేకుండా ఉంటుంది, నూనె కలపలేదు. 5 శాతం నియాసినమైడ్‌తో పాటు గ్లిజరిన్, కొద్దిగా సరస్వతి ఆకు సారం ఉన్నాయి. గాజు డ్రాపర్ బాటిల్, మూతతో కలిపి ఎత్తు 10 సెంటీమీటర్లు. ఫొటోలోని ఆకులు, నీటి చుక్కలు అలంకరణ కోసం."

అనుభూతి వాక్యం కావాలని బ్రాండ్ వాళ్లు పట్టుబడితే, ఆకుల్ని వదిలి వాడకాన్ని పట్టుకోండి: "ముఖం కడుక్కున్నాక తడి పూర్తిగా ఆరకముందే నాలుగు చుక్కలు, ఆ పైన మీ మాయిశ్చరైజర్." ఇందులో చల్లదనం, తేమ రెండూ తగులుతాయి, హామీ ఏదీ లేదు.

పేజీ పెట్టాక మొదటి కొన్ని వారాలు కస్టమర్ల ప్రశ్నలు చదువుతూ ఉండండి. "హెర్బలా?" అని వస్తుంటే ఆకుల వాక్యం ఎవరికీ కనపడటం లేదని అర్థం, దాన్ని పైకి జరపండి. "జిడ్డుగా ఉంటుందా?" అంటే "నూనె కలపలేదు" అన్న మాట మొదటి వాక్యంలోకి రావాలి. "ఎంత పెద్దది?" అంటే ఎత్తు ఎక్కడో మరుగున పడింది. ఇదే సీరమ్‌ను 15 మి.లీ.లో కూడా తెస్తే, అదే ఫొటో వాడుతున్నా ఆల్ట్‌లో పరిమాణం, వర్ణనలో ఎత్తు మార్చడం మర్చిపోకండి. సైజులు కలగాపులగం అయ్యేది ఎక్కువగా అక్కడే.